నీళ్లు తక్కువే వెళ్తున్నాయి, అయినా C_min నూనెదే ఎందుకు?

ప్రశ్న: సార్, నేను మెకానికల్ మూడో సంవత్సరం. గేట్‌కి చదువుతున్నాను. రాకపోతే పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో యుటిలిటీస్ వైపు ఉద్యోగం చూసుకుందామని ఉంది. హీట్ ఎక్స్ఛేంజర్ లెక్కల్లో C_min ఏ ఫ్లూయిడ్‌దో ప్రతిసారీ తప్పు పెడుతున్నాను. కెపాసిటీ రేషియో పెరిగితే ఎఫెక్టివ్‌నెస్ తగ్గుతుందని బట్టీ పట్టాను గానీ ఎందుకో తెలీదు. ఈ టాపిక్ వదిలేయొచ్చా?
– ఒక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: వద్దమ్మా, వదిలేయకు. గేట్ సంగతి పక్కన పెట్టినా, నువ్వు వెళ్దామనుకుంటున్న యుటిలిటీస్ పనిలో కండెన్సర్లు, కూలర్లు రోజూ కళ్ల ముందు ఉంటాయి. ఇంటర్వ్యూలో ఫార్ములా అప్పజెప్పమని అడగరు. "కూలింగ్ వాటర్ వాల్వ్ కొంచెం మూస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే నువ్వు అడిగిన ఈ రెండు విషయాలే తెలియాలి. ఒకే లెక్క తీసుకుని చివరిదాకా చేద్దాం, పెన్ను పట్టుకుని కూర్చో.

ఒక కౌంటర్ ఫ్లో ఆయిల్ కూలర్ అనుకో. నూనె సెకనుకు 1.5 కిలోలు, 90 డిగ్రీల దగ్గర లోపలికి వస్తోంది. నీళ్లు సెకనుకు 1 కిలో, 30 డిగ్రీల దగ్గర వస్తున్నాయి. చాలామంది ఇక్కడే నీళ్ల ఫ్లో తక్కువ కదా అని C_min నీళ్లదని రాసేస్తారు. నీ తప్పు కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం. చూడాల్సింది ఒక్క ఫ్లో కాదు, ఫ్లోని స్పెసిఫిక్ హీట్‌తో గుణించాక వచ్చేది: C = m × cp. నూనె స్పెసిఫిక్ హీట్ 2.1, నీళ్లది 4.2 అని తీసుకుంటే నూనెకి 1.5 × 2.1 = 3.15 kW/K, నీళ్లకి 1 × 4.2 = 4.2 kW/K. కిలోల్లో నూనె ఎక్కువే, కెపాసిటీ రేట్‌లో మాత్రం నూనే తక్కువ. కాబట్టి C_min నూనెది.

పొరపాటున నీళ్లదే అనుకుని ముందుకెళ్తే ఏమవుతుందో కూడా చూడు, తప్పు తనంతట తానే బయటపడుతుంది. గరిష్ఠంగా బదిలీ కాగల వేడి C_min ని రెండు ఇన్‌లెట్ల తేడాతో గుణిస్తే వస్తుంది. ఆ తేడా ఇక్కడ 60 డిగ్రీలు. నీళ్లతో చేస్తే 4.2 × 60 = 252 kW. అంత వేడి నూనె వదలాలంటే అది 252 / 3.15 = 80 డిగ్రీలు చల్లబడి 10 డిగ్రీలకి రావాలి. 30 డిగ్రీల నీళ్లు నూనెని 10 డిగ్రీలకి ఎలా దింపుతాయి? జరగని పని. నూనెతో చేస్తే 3.15 × 60 = 189 kW. అప్పుడు నూనె 30కి వస్తుంది, నీళ్లు 45 డిగ్రీలు వేడెక్కి 75 దగ్గర ఆగుతాయి. ఎవరూ హద్దు దాటలేదు. తక్కువ C ఉన్నదే ముందుగా హద్దు చేరుతుంది, అందుకే గరిష్ఠాన్ని నిర్ణయించేది అదే. ప్రశ్నలో ఫ్లోలు ఇవ్వకుండా నాలుగు టెంపరేచర్లే ఇస్తే, ఏ ఫ్లూయిడ్ టెంపరేచర్ ఎక్కువ మారిందో దానిదే C_min.

కండెన్సర్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. స్టీమ్ నీళ్లుగా మారేటప్పుడు వేడి వదులుతుంది, టెంపరేచర్ మాత్రం మారదు. అంటే దాని C అనంతం కింద లెక్క. అక్కడ కూలింగ్ వాటర్ ఫ్లో స్టీమ్ కంటే ఎన్ని రెట్లు ఎక్కువున్నా సరే, C_min నీళ్లదే, కెపాసిటీ రేషియో సున్నా.

ఇప్పుడు మన కూలర్‌కి వద్దాం. కెపాసిటీ రేషియో Cr = 3.15 / 4.2 = 0.75. UA విలువ 6.3 kW/K అని ఇచ్చారనుకుంటే NTU = 6.3 / 3.15 = 2. కౌంటర్ ఫ్లో ఫార్ములా ఇది:

ε = [1 − exp(−NTU(1 − Cr))] / [1 − Cr·exp(−NTU(1 − Cr))]

లెక్క కడితే ε = 0.722 వస్తుంది. వేడి 0.722 × 189 = 136.4 kW. నూనె 46.7 దగ్గర, నీళ్లు 62.5 దగ్గర బయటికొస్తాయి.

అదే NTU 2 ఉంచి Cr ని సున్నా చేస్తే ε 0.865 అవుతుంది, 1 చేస్తే 0.667కి పడిపోతుంది. Cr = 1 దగ్గర పై ఫార్ములా 0/0 ఇస్తుంది, అక్కడ ε = NTU / (1 + NTU) వాడు. కారణం ఇది. Cr సున్నా అయితే అవతలి ఫ్లూయిడ్ టెంపరేచర్ కదలదు, కాబట్టి C_min ఫ్లూయిడ్‌కి దారి పొడవునా వీలైనంత తేడా దొరుకుతుంది. Cr పెరిగేకొద్దీ అవతలిది కూడా వేడెక్కుతూ పోతుంది, ఇద్దరి మధ్య తేడా తరుగుతుంది. వేడిని నెట్టేది ఆ తేడానే కదా! అందుకే అంతే ఏరియాతో తక్కువ పని జరుగుతుంది. అయితే NTU 0.25 లాంటి చిన్న విలువ దగ్గర ఈ ప్రభావం పెద్దగా కనిపించదు. Cr సున్నా అయితే 0.221, 1 అయితే 0.2, అంతే తేడా.

ఇక ఇంటర్వ్యూ ప్రశ్న. వాల్వ్ మూసి నీళ్లని సెకనుకు 0.75 కిలోలకి తగ్గించామనుకో. నీళ్ల C కూడా 3.15 అయింది, Cr = 1. ε 0.667, వేడి 126 kW, నూనె 50 దగ్గర బయటికొస్తుంది. ఇంకా మూసి 0.5 కిలోలకి తెస్తే నీళ్ల C 2.1 అవుతుంది. ఇక్కడ C_min చేతులు మారింది, ఇప్పుడది నీళ్లది. Cr = 2.1 / 3.15 = 0.667, NTU = 6.3 / 2.1 = 3, ε = 0.838. ఎఫెక్టివ్‌నెస్ మళ్లీ పెరిగింది! మరి వేడి? 0.838 × 2.1 × 60, దాదాపు 105.5 kW. మొదటి 136.4 కంటే బాగా తక్కువ. నూనె 56.5 దగ్గర, అంటే మొదటి 46.7 కంటే దాదాపు పది డిగ్రీలు వేడిగా బయటికొస్తోంది.

నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఎఫెక్టివ్‌నెస్ అంటే సాధ్యమైన గరిష్ఠంలో ఎంత వంతు సాధించామన్నది. నీళ్లు తగ్గిస్తే ఆ గరిష్ఠమే 189 నుంచి 126కి పడిపోయింది, తక్కువ గరిష్ఠంలో ఎక్కువ వంతు సాధించాం. "ఎఫెక్టివ్‌నెస్ పెరిగింది కాబట్టి కూలింగ్ బాగుంది" అని చెప్పిన కుర్రాడిని ప్యానెల్ వాళ్లు అక్కడే పట్టేస్తారు.

ఇంకో రెండు మాటలు కలిపితే జవాబు ప్లాంట్ మనిషి చెప్పినట్టు ఉంటుంది. ఒకటి, మనం UA మారలేదనుకున్నాం. నిజానికి నీళ్ల వేగం తగ్గితే U కూడా తగ్గుతుంది, కాబట్టి అసలు వేడి 105.5 కంటే ఇంకా తక్కువే ఉంటుంది. రెండోది, ఆ నీళ్లు ఇప్పుడు 80 డిగ్రీల దగ్గర బయటికొస్తున్నాయి. నీళ్లలో కాల్షియం ఉంటే అంత వేడి దగ్గర ట్యూబుల మీద స్కేల్ కట్టేస్తుంది. స్కేల్ పెరిగితే U మరింత పడిపోతుంది. వాల్వ్ మళ్లీ తెరిచి నీళ్లు మొదటి ఫ్లోకి తెచ్చినా నూనె 46.7కి దిగకపోతే, ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఈ వారం ఇదే లెక్కని పారలల్ ఫ్లోకి మార్చి చెయ్యి, నీళ్లు సెకనుకు 1 కిలో ఉంచి. ఫార్ములా ε = [1 − exp(−NTU(1 + Cr))] / (1 + Cr). నీకు 0.554, వేడి 104.7 kW రావాలి. రాకపోతే ఏ అడుగులో తేడా వచ్చిందో మొత్తం స్టెప్పులతో రాసి పంపు, చూసి చెప్తాను.