తెలుగు సబ్‌టైటిల్స్ 42 క్యారెక్టర్లలో, సెకనుకి 17లో ఎలా పట్టించాలి?

ప్రశ్న: రొయ్యల సాగు మీద ఇంగ్లీష్ ట్రైనింగ్ వీడియో, దాని ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చి తెలుగు సబ్‌టైటిల్స్ చెయ్యమన్నారు. లైనుకి 42 క్యారెక్టర్లు, రెండే లైన్లు, సెకనుకి 17 మించకూడదట. లైను చిన్నగానే కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎర్రగా చూపిస్తుంది. ఎంత కుదించినా అంతే. ఏం చెయ్యాలి?

జవాబు:

నేను కావలిలో ఉంటాను. అల్లూరు, విడవలూరు వైపు రైతుల కోసం ఇలాంటి వీడియోలే కొన్నాళ్లుగా చేస్తున్నాను కాబట్టి ఆ ఎరుపు నాకు బాగా పరిచయం.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏం లెక్కపెడుతుందో చూడండి. మనం ఒక అక్షరం అనుకునేది దానికి ఒకటి కాదు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, వత్తు కోసం మధ్యలో వచ్చే పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పైథాన్ ఉంటే ఇది కొట్టి చూడండి:

```
len("స్త్రీ")
```

6 వస్తుంది. ‘ఆక్సిజన్’ మన కంటికి నాలుగు, దానికి 8. ‘ప్రోబయోటిక్స్’ మన కంటికి ఐదు, దానికి 13. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో వత్తు పడకుండా పెట్టే, కంటికి కనపడని క్యారెక్టర్ కూడా ఒకటి ఉంటుంది, అదీ లెక్కే (అలాగని తీసేస్తే వత్తు పడి మాట చెడిపోతుంది, ముట్టుకోవద్దు). అంటే 42 అన్నది మన లెక్కలో దాదాపు సగం అక్షరాలే.

అందుకే పని ఇచ్చినవాళ్లని మొదటి రోజే ఒక మాట అడగండి, ఈ 42, 17 ఎలా లెక్కపెడతారని. 17 అనేది ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌కి చాలామంది వాడే హద్దు, దాన్నే తెలుగుకీ పెట్టేస్తుంటారు. గుర్తుల్ని కూడా లెక్కపెట్టేట్టయితే 20 దాకా పెంచమని అడగడంలో తప్పేమీ లేదు, కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా చెయ్యొచ్చు, ఎలాగో చెప్తాను. మీరు మాత్రం సొంతంగా అక్షరాల లెక్క వేసుకుని 42 అక్షరాలు నింపకండి. తెలుగు అక్షరం వెడల్పు ఎక్కువ, ఫోన్‌లో మూడో లైను పడి బొమ్మ మీదకి ఎక్కుతుంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, చాలామంది ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం చక్కగా అనువాదం చేసేసి తర్వాత కత్తెర పట్టుకుంటారు. అప్పటికి వాక్యం బిగిసిపోయి ఉంటుంది, ఏ మాట తీసినా కుంటుతుంది. ముందు వీడియో పెట్టుకుని మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని టైము రాసుకోండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో పేరాకి ఒక టైము మాత్రమే ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే కుదరదు. ఆ సెకన్లని 17తో గుణిస్తే మీకున్న చోటు ఎంతో వస్తుంది. తెలుగు ఆ తర్వాతే రాయాలి. ఇంకోటి, రెండు లైన్లు పూర్తిగా నింపితే 84, అది చదవడానికి దాదాపు 5 సెకన్లు కావాలి. కాబట్టి 3 సెకన్ల మాటకి 51 దాటకూడదు, లైన్లో ఎంత చోటు మిగిలినా సరే.

ఒక వాక్యం చూద్దాం. వీడియోలో మాట్లాడే ఆయన గబగబా 6 సెకన్లలో చెప్పేశాడు. ఉన్నదున్నట్టు రాస్తే ఇలా ఉంటుంది: ‘మీరు అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే, గుంటలో ఆక్సిజన్ స్థాయి సూర్యోదయానికి కొద్దిగా ముందు అత్యంత తక్కువగా ఉంటుంది, కాబట్టి దాన్ని అప్పుడు పరీక్షించండి.’ మొత్తం 149. ఆరు సెకన్లకి 102 ఇస్తారు, కానీ ఒక సబ్‌టైటిల్‌లో 84 మించి పట్టదు.

‘మీరు అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే’ అనేది ఊతపదం, దాన్ని తీసేస్తేనే 36 తగ్గింది. ‘స్థాయి’ అక్కర్లేదు, ఆక్సిజన్ పడిపోయింది అంటే ఏ రైతుకైనా తెలుసు. ‘సూర్యోదయానికి కొద్దిగా ముందు’ 28 తింటుంది, మనకి ‘తెల్లవారుజాము’ అనే మాట ఉండనే ఉంది. ‘అత్యంత’ తీస్తే ఏదో పోయినట్టు ఉంటుంది, ఎందుకంటే అసలు విషయమే అది, రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ ఖర్చయిపోయి తెల్లవారే ముందు అడుక్కి వస్తుంది. ఆ బరువుని ‘పడిపోయేది... జామునే’ అన్న వరసలోకి మార్చాను:

```
41
00:03:12,000 --> 00:03:18,000
గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది
తెల్లవారుజామునే. అప్పుడే చూసుకోండి.
```

పై లైను 30, కింది లైను 35. మొత్తం 65, సెకనుకి 11 కూడా లేదు. ఆయన ఇదే 4 సెకన్లలో చెప్పినా హద్దులోనే ఉండేది. చోటు ఇంకా బిగిస్తే ‘డిజాల్వ్‌డ్ ఆక్సిజన్’ అని 20 పెట్టకుండా రైతులు అనే ‘డీవో’ రాయండి, నాలుగుతో అయిపోతుంది.

ఇక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది పొడుగు వాక్యాన్ని రెండు సబ్‌టైటిల్స్‌గా విరగ్గొట్టడం. ఇంగ్లీష్‌లో ‘చెయ్యండి’ ముందొస్తుంది, ‘ఎప్పుడు’ అనేది చివర్లో. మనది తిరగేసి ఉంటుంది. ఉదాహరణకి, ఆయన ఏరేటర్ వైపు చూపిస్తూ మొదలుపెట్టి, చివర్లో మీటర్ పైకెత్తి 4 అంకె చూపిస్తాడు. మనం మామూలు తెలుగులో ‘రీడింగ్ 4 పీపీఎం కన్నా తగ్గితే ఏరేటర్లు తిప్పండి, మేత ఆపండి’ అని రాసి మధ్యలో విరిస్తే, ఏరేటర్ కనిపిస్తున్నప్పుడు మీటర్ గురించి, మీటర్ కనిపిస్తున్నప్పుడు మేత గురించి చదువుతారు. మొత్తం ఒకే సబ్‌టైటిల్‌లో పడితే గొడవ లేదు. పడకపోతే బొమ్మ వరసే పట్టుకోండి. మొదటిది ‘ఏరేటర్లు తిప్పండి, మేత ఆపండి.’ రెండోది ‘ఎప్పుడంటే, రీడింగ్ 4 పీపీఎం కన్నా తగ్గితే.’ మనం మాట్లాడేటప్పుడు ఇలాగే అంటాం కాబట్టి వింతగా ఉండదు. లైను విరిచేటప్పుడు కూడా ‘4’ పైన, ‘పీపీఎం’ కింద పడకుండా చూడండి.

ఇంత చేసినా ఎరుపు పోకపోతే టైము దొంగిలించొచ్చు. మాట ఆగాక తర్వాతి మాట మొదలయ్యే లోపు ఖాళీ ఉంటే సబ్‌టైటిల్‌ని ఒక అర సెకను నిలపండి, అర సెకనుకి మరో 8 క్యారెక్టర్లు వస్తాయి. అయితే షాట్ మారిన చోటు దాటించొద్దు, సబ్‌టైటిల్ అలాగే నిలబడి బొమ్మ మారితే కొత్తది వచ్చిందనుకుని కళ్లు మళ్లీ మొదటికి వెళ్తాయి. రెండిటి మధ్య రెండు ఫ్రేములైనా ఖాళీ వదలండి, 25 ఫ్రేముల వీడియోలో అది 80 మిల్లీసెకన్లు. ఒక సబ్‌టైటిల్‌ని 7 సెకన్లు దాటి ఉంచొద్దు, చదివేసినవాళ్లు ఇంకోసారి చదువుతారు.

ఎరుపు పోయింది కదా అని పంపెయ్యకండి. నేను మా బావకి ఫోన్‌లో పంపిస్తాను, ఆయనకి గుంటలున్నాయి, ఇంగ్లీష్ రాదు. సౌండ్ తీసేసి చూడమంటాను. ఎక్కడ వేలుతో వీడియో ఆపాడో ఆ టైము రాసుకుంటాను. లెక్క ప్రకారం సెకనుకి 15 ఉన్నా ఆయన ఆపిన చోట్లు ఉంటాయి, చూస్తే అక్కడ రెండు అంకెలో, కొత్త మందు పేరో ఉంటుంది. అలాంటి వాటిని 12 దగ్గరికి దించుతాను. పనిలో పని ఆ ఫోన్‌లోనే పై లైను వత్తులు కింది లైను గుడి, ఏత్వాలకి తగులుతున్నాయేమో కూడా చూడండి, తగిలితే ఫాంట్ సైజు ఒక మెట్టు తగ్గించాలి. ఫైలు UTF-8లో సేవ్ చెయ్యండి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులొస్తాయి.