వారానికి ఎన్ని రోజులు పెట్టుకుంటారు? మొదటి వాచీకి అసలు ప్రశ్న అదే

"మెకానికల్, ఆటోమేటిక్, క్వార్ట్జ్ వాచీలకు తేడా ఏంటి? నేను మొదటిసారి మంచి వాచీ కొందామనుకుంటున్నా, ఆటోమేటిక్ తీసుకోమని అందరూ అంటున్నారు. ఏది కొనాలి?"

ఆ అందరిలో ఎంతమంది ఆటోమేటిక్ వాచీని రెండేళ్లు వాడారో ముందు కనుక్కోండి. నేను ఏడేళ్లుగా వాడుతున్నాను, నాకది ప్రాణం, అయినా మొదటి వాచీగా మాత్రం వద్దనే చెబుతాను.

మా నాన్నగారిది కీ ఇచ్చే హెచ్ఎంటీ జనతా. పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే వాచీ తీసి, టైము సరిచేసి, కీ ఇచ్చేవారు. పాతిక ముప్పై చుట్లు తిప్పాక వేళ్లకు బిగుతు తెలుస్తుంది, అక్కడ ఆపేయాలి. ఆ బిగుసుకున్న స్ప్రింగే రోజంతా మెల్లగా విప్పుకుంటూ ముళ్లను తిప్పుతుంది. ఆటోమేటిక్‌లో ఉండేదీ ఇదే స్ప్రింగు, ఇవే పళ్లచక్రాలు. కాకపోతే వెనకాల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది, చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి మన బదులు కీ ఇస్తుంది. అంటే ఆటోమేటిక్ కూడా మెకానికల్లే. అసలు వేరే జాతి క్వార్ట్జ్. అందులో సెల్ నుంచి కరెంటు అందుకుని చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్కను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, ఆ ఒక్క దెబ్బకే సెకన్ల ముల్లు ఒక గడి జరుగుతుంది. అందుకే టిక్కు టిక్కుమని ఆగి ఆగి నడుస్తుంది.

ఇక నా అనుభవం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బోనస్ డబ్బుతో జపాన్ ఆటోమేటిక్ ఒకటి కొన్నాను. షోరూంలో "సెల్ ఉండదు సార్, మెయింటెనెన్స్ లేదు" అన్నారు. ఈ మాట ఇప్పటికీ ప్రతి కౌంటర్‌లోనూ వింటున్నాను, వింటే ఒళ్లు మండుతుంది. సెల్ ఉండకపోవచ్చు గానీ లోపల నూనె ఉంటుంది, కొన్నేళ్లకు అది ఎండుతుంది, అప్పుడు వాచీని మొత్తం విప్పి, కడిగి, మళ్లీ నూనె వేయాలి. ఆ ఖర్చుతో మంచి క్వార్ట్జ్ వాచీ ఇంకోటి వస్తుంది.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. రోజుకు పది పదిహేను సెకన్లు ముందుకు పోయేది, పట్టించుకోలేదు. ఒక సోమవారం ఆఫీసు బస్సు కోసం వచ్చి నిలబడితే స్టాపులో ఎవరూ లేరు, ఫోన్ చూస్తే వాచీ పన్నెండు నిమిషాలు ముందుంది. సరిచేశాను. మర్నాటికి మళ్లీ పన్నెండు నిమిషాలు. కొన్నచోటికి తీసుకెళ్తే వెనక మూత కూడా తీయకుండా "ఫుల్ సర్వీస్ చేయాలి, మూడున్నర వేలు, ఇరవై రోజులు పడుతుంది" అన్నారు. ఎనిమిది నెలల వాచీకి సర్వీసేంటని అడిగితే సమాధానం లేదు.

అక్కడ ఇవ్వకుండా మా వీధి చివర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన విన్నదంతా విని, "ఉన్నట్టుండి ముందుకు పోతోందా, నెమ్మదిగా పెరిగిందా?" అన్నారు.

"ఉన్నట్టుండేనండీ."

"రాత్రి తీసి ఎక్కడ పెడతావు బాబూ?"

"ఫోన్ మీద."

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

ఆ నెలలోనే కొత్త ఫోన్ కవర్ కొన్నాను, పుస్తకం అట్టలా మూసుకునే రకం, మూతపడ్డానికి అంచులో అయస్కాంతం ఉంటుంది. ఆయన సొరుగులోంచి స్కూలు పిల్లల దిక్సూచి తీసి బల్లమీద పెట్టి, నా వాచీని మెల్లగా దాని దగ్గరికి తెచ్చారు. ముల్లు గిర్రున వాచీ వైపు తిరిగింది. అప్పుడు చెప్పారు: లోపల తలవెంట్రుకంత సన్నటి చుట్టల స్ప్రింగు ఒకటి ఉంటుంది, దాని ఊపే వాచీకి నాడి. దానికి అయస్కాంతం పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొడవు తగ్గినట్టవుతుంది, ఊపు వేగం పెరిగి వాచీ పరిగెడుతుంది. తర్వాత అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన నీలం డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకునే దాన్ని జానెడు పైకి లేపారు. అంతే. దిక్సూచి మళ్లీ పెడితే ముల్లు కదల్లేదు. వంద రూపాయలు తీసుకున్నారు. మూడున్నర వేలకు ఏం చేసేవారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అప్పట్నుంచి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను: మెకానికల్ వాచీ అకస్మాత్తుగా రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పోతే సర్వీసుకు ఇచ్చే ముందు అయస్కాంతం సంగతి చూపించుకోండి. వెనకబడుతోందంటే, రాత్రి తీసిపెడితే తెల్లారేసరికి ఆగిపోతోందంటే అది వేరే కథ, స్ప్రింగుకు సరిపడా కీ అందడం లేదు లేదా నూనె ఎండింది. క్వార్ట్జ్‌కు ఈ బాధ తక్కువ. అయస్కాంతం దగ్గర పెడితే ఆగొచ్చు, దూరం జరిపితే మళ్లీ నడుస్తుంది, టైము ఒక్కసారి సరిచేసుకుంటే చాలు.

ఇప్పుడు మీ సంగతి. మామూలు ఆటోమేటిక్ పూర్తిగా కీ ఎక్కితే దాదాపు నలభై గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున ఆగి ఉంటుంది. అప్పుడు టైము, తేదీ, వారం అన్నీ పెట్టుకోవాలి. అందులోనూ రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకూ మధ్య ముళ్లు ఉంటే తేదీని తిప్పకూడదు, ఆ సమయంలో తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముందు ముళ్లను ఆరు దగ్గరికి తెచ్చుకుని అప్పుడు తేదీ మార్చాలి. ఇంటినుంచే పనిచేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది, చెయ్యి కీబోర్డు మీదే ఉంటే ఆ బరువు సరిగా తిరగదు. రోజూ పదిగంటలు పెట్టుకుని తిరిగేవాళ్లకైతే ఇవేవీ ఉండవు. ఇక టైము కచ్చితత్వం అంటారా, రోజుకు అరనిమిషం తేడా ఉన్నా మామూలు ఆటోమేటిక్‌కు కంపెనీ లెక్కలో అది బాగున్నట్టే. మామూలు క్వార్ట్జ్‌కు ఆ తేడా రావడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది.

అందుకే మొదటి వాచీ క్వార్ట్జ్ కొనండి. రెండు మూడేళ్లకోసారి సెల్ మార్చాలి, అంతే. సెల్ అయిపోయాక మాత్రం అలాగే సొరుగులో పడేయకండి, అది కారితే లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

లేదు, స్ప్రింగు వాచీయే కావాలని మనసు లాగుతోందంటే కీ ఇచ్చేది తీసుకోండి, ఆటోమేటిక్ కాదు. ఆగిపోయినా అర నిమిషం కీ ఇస్తే నడుస్తుంది, లోపల విడిభాగాలు తక్కువ, బాగుచేయడం సులువు. కానీ పాత హెచ్ఎంటీలు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. ఆ వాచీ ఫ్యాక్టరీలను మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక వాటికి గిరాకీ పెరిగింది, దాంతో పాత డయల్‌కు కొత్త రంగు వేసి అమ్మేవాళ్లూ పెరిగారు. కేసు అరిగిపోయి, డయల్ మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తుంటే, అక్షరాలు లావుగా, అంచులు చెదిరినట్టు ఉంటే అది రంగు వేసిందే. అమ్మేవాడిని వెనక మూత తీసి లోపలి ఫొటో పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి.

మా నాన్నగారి జనతా ఇప్పుడు నా దగ్గరుంది. డయల్ పసుపుబారింది, పన్నెండు దగ్గర చిన్న మచ్చ ఉంది. మార్పించలేదు. ఆదివారం ఆదివారం కీ ఇస్తాను.