ముందే కడితే 2 శాతం తగ్గింపు: ఏడాది వడ్డీగా ఎంత?

చిత్తూరులో మాది మామిడి గుజ్జు యూనిట్. డబ్బాల సరఫరాదారు 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తారట, లేదంటే 30 రోజుల గడువు. మా ఓడీ వడ్డీ 12 శాతం. ఏది లాభం?

ఓడీ నుంచి తీసైనా పదో రోజున కట్టండి. లక్ష రూపాయల బిల్లుకు అప్పుడు 98,000 చాలు. ఆగితే ఆ 98,000ను మరో 20 రోజులు వాడుకున్నందుకు 2,000 ఇస్తున్నట్టే.

```
2000 / 98000 × 365 / 20 = 37.2%
```

చాలామంది ఇక్కడ 30 రోజులు వేసి తక్కువ రేటు చూపించుకుంటారు. మొదటి 10 రోజులు ఎలాగూ ఉచితమే కాబట్టి లెక్కలోకి రావు. ఓడీ మీద 20 రోజులకు వడ్డీ సుమారు 644 రూపాయలే. బిల్లుకు 1,356 మిగులుతుంది.

అయితే మీరు నిజంగా కట్టేది ఏ రోజున? అరవయ్యో రోజు దాకా సాగదీసినా ఆయన ఊరుకుంటే, 50 రోజులకు రేటు 14.9 శాతానికి దిగుతుంది. అప్పుడు తేడా స్వల్పం. కానీ ఆయనది నమోదైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే ఆ ఆలోచన వద్దు. ఒప్పుకున్న గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించాలని చట్టం చెబుతోంది. ఓడీ పరిమితి నిండి, కాయల రైతులకు నగదు ఇవ్వాల్సిన సీజనులో మాత్రం తగ్గింపు వదులుకోక తప్పదు.