తొమ్మిది గంటల ఫోను

బుజ్జీ,

పండక్కి వచ్చినప్పుడు పెరట్లో గిన్నెలు బోర్లిస్తూ నువ్వడిగిన మాటకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అటు మీ అమ్మ, ఇటు పిల్లలు. "పెద్దమ్మా, పదిహేడేళ్ల స్నేహాన్ని గొడవ పడకుండా ఎలా ఆపాలి?" అన్నావు. అంటూ ఉండగానే నీ ఫోను మోగింది, నీ మొహం వాడిపోయింది. గడియారం చూడకుండానే తొమ్మిదైందని నాకు అర్థమైంది. నాకూ ఒకప్పుడు అలాంటి తొమ్మిది గంటల ఫోను ఉండేది.

ఆవిడ నాతోపాటు స్కూల్లో పనిచేసింది. పేరెందుకులే, నీకు తెలిసినావిడే. ఇరవై రెండేళ్లు ఒకే బస్సులో వెళ్లాం, ఒకరి డబ్బాలో కూర ఇంకొకరం తిన్నాం. ఎప్పుడు మారిందో చెప్పలేను గానీ, రిటైరయ్యే నాటికి నేను ఆవిడకి స్నేహితురాలిని కాదు, ఒక చెవిని. మీ పెదనాన్నకి స్టెంట్ వేసిన వారం ఆవిడ ఫోన్ చేసి నలభై నిమిషాలు కోడలి గురించి మాట్లాడి పెట్టేసింది. ఆయన ఎలా ఉన్నారని అడగలేదు. ఆ రాత్రి నాకు కోపం కూడా రాలేదు, అలసట వచ్చింది. కోపం వస్తే అడిగి దులిపేసుకుంటాం, మళ్లీ కలుస్తాం. అలసటతో ఆ వీలు లేదు.

అయినా తొందరపడి తేల్చేయకు. నేను వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే పదిహేను రోజులు రాసి చూశాను. ఎవరు చేశారు, ఎన్ని నిమిషాలు, నా గురించి ఏమడిగింది, అంతే. పదమూడు ఫోన్లు వచ్చాయి, అన్నీ ఆవిడ చేసినవే. నా గురించి అడిగింది ఒక్కసారి, అది కూడా మా ఇంట్లో కుక్కర్ గాస్కెట్ అదనంగా ఉందేమోనని. నువ్వూ అలా రాయి. రాయకపోతే విసుగు పుట్టిన రోజున అంతా చెడ్డగా, జాలి పుట్టిన రోజున అంతా మంచిగా కనిపిస్తుంది. ఇంకో సంగతి. నీ స్నేహితురాలికి నిరుడు నాన్న పోయారన్నావు. ఆ ఏడాదిని లెక్కలోంచి తీసెయ్. దుఃఖంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్లు కనబడరు. అంతకుముందు నాలుగేళ్లు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకో.

అప్పటికీ సందేహముంటే ఒకసారి నోరు తెరిచి అడుగు. "ఇవాళ నాదొక సంగతి చెప్పాలే, ఒక పది నిమిషాలు విను" అను. వారం ఆగి ఇంకోసారి అను. వింటే, మర్నాడు తనంతట తాను "ఆ సంగతి ఏమైంది?" అని అడిగితే, మీ స్నేహం బతికే ఉంది. అలవాటు పాడయిందంతే, దాన్ని బాగుచేసుకోవచ్చు. ఇక్కడితో నా ఉత్తరం పక్కన పెట్టెయ్. నా విషయంలో ఆవిడ "అవునా పాపం" అని, గుటక వేసినంత సేపు ఆగి, మళ్లీ కోడలి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక తగ్గించడం. ఒక్కరోజులో మానేస్తే అది గొడవే అవుతుంది, నోటితో అన్నా అనకపోయినా. నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి పని, మోగగానే ఎత్తడం మానేశాను. అరగంట ఆగి "పనిలో ఉన్నాను, ఆదివారం సాయంత్రం మాట్లాడతా" అని మెసేజ్ పెట్టేదాన్ని. ఆదివారం నేనే తప్పకుండా చేసేదాన్ని. మాట తప్పితే ఆవిడ ఫిర్యాదు న్యాయమైపోతుంది. ఎత్తగానే "ఇరవై నిమిషాలే ఉన్నాయి, ఏడున్నరకి గుడికెళ్లాలి" అనేదాన్ని, నిజంగానే వెళ్లేదాన్ని. ముగింపు మొదట్లోనే చెప్పేస్తే మధ్యలో తుంచినట్టు ఉండదు. రెండు నెలలకి పదిహేను రోజులకొకసారి చేశాను, ఆ తర్వాత నెలకొకసారి.

మొదటి మూడు వారాలు మాత్రం ఫోన్లు పెరుగుతాయి. నువ్వు ఇక్కడే వెనక్కి తగ్గుతావని నా భయం. ఒకరోజు ఆవిడ పదకొండు సార్లు చేసింది. నేను పదకొండోసారి ఎత్తాను. ఏమైంది? ఎత్తించాలంటే పదకొండు సార్లు చేయాలని ఆవిడకి నేనే నేర్పాను. ఆ పొరపాటుకి ఇంకో నెల పట్టింది. అందుకని ఎత్తదలుచుకుంటే మొదటిసారే ఎత్తు. లేదంటే ఒక మెసేజ్ పెట్టి, ఆ రోజుకి ఫోన్ గదిలో వదిలేసి హాల్లోకి రా. నిజంగా ఆపద ఉందేమోనన్న టెన్షన్ ఉంటే మెసేజ్‌లోనే "ఏదైనా అర్జెంటా?" అని అడుగు. అర్జెంటైతే ఒక్క ముక్కలో చెబుతారు.

అబద్ధాలు మాత్రం వద్దు. నేను మోకాళ్ల నొప్పులని ఒకసారి చెప్పాను. మర్నాడు పొద్దున్నే తైలం సీసాతో గుమ్మంలో నిలబడింది ఆవిడ, మధ్యాహ్నం భోజనం చేసి నాలుగింటికి వెళ్లింది. కారణం ఎంత వివరంగా చెబితే ఎదుటివాళ్లకి అంత పని దొరుకుతుంది. "కుదరడం లేదు" అన్నది పూర్తి వాక్యమే, దానికి తోక అక్కర్లేదు.

నంబర్ బ్లాక్ చేయడం, గ్రూపులోంచి బయటికి రావడం, పాత ఫోటోలు తీసేయడం, ఇవేవీ చేయకు. ఇవన్నీ నలుగురిలో చాటింపు వేసినట్టే. గ్రూపు మ్యూట్‌లో పెట్టుకో, పుట్టినరోజుకి అందరితోపాటు ఒక ముక్క రాయి. మీ ఇంటర్ స్నేహితులెవరైనా "మీ ఇద్దరికీ ఏమైంది?" అంటే "ఏమీ లేదే, పనులతో తీరిక ఉండటం లేదు" అని మాట మార్చు. వాళ్లలో ఒక్కరికి కూడా నీ క్యాలెండర్ లెక్క చెప్పకు. చెప్పాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. తను నీకు చెప్పుకున్న ఇంటి గుట్లు మాత్రం స్నేహం ఉన్నా లేకపోయినా నీ దగ్గరే ఉండాలి.

తను సూటిగా అడిగే రోజు ఒకటి వస్తుంది. "నా మీద ఏమైనా కోపమా?" అంటుంది. ఆ మాటకి జవాబు ముందే అనుకుని పెట్టుకో, లేకపోతే కంగారులో "అబ్బే, అదేం లేదు, రేపు చేస్తా" అనేస్తావు, మళ్లీ మొదటికొస్తుంది. నేను ఇలా అన్నాను: "కోపం లేదు. ముందులా రోజూ మాట్లాడటం ఇప్పుడు నా వల్ల కావడం లేదు." మన భాషలో "నా వల్ల కావడం లేదు" అన్న మాట చాలా మంచిది. అందులో నువ్వు అనే పదమే లేదు, తప్పు ఎవరిదన్న ప్రస్తావన లేదు. "నువ్వు ఎప్పుడూ నీ గురించే చెబుతావు" అన్నావో, ఆ "ఎప్పుడూ" కాదని నిరూపించడానికి 2009లో నీకు జ్వరమొస్తే తను తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్ దాకా వెళుతుంది. తను ఏడిస్తే వినేసి, "నీకు బాధగా ఉందని తెలుస్తోంది" అని, మళ్లీ అదే వాక్యం అను. మూడోసారికి ఫోన్ పెట్టేయచ్చు.

ఒకవేళ చచ్చిపోతాననే మాట తన నోట వస్తే ఇదంతా పక్కన పెట్టు. బెదిరింపా నిజమా అని నువ్వు తేల్చకు. వెంటనే వాళ్లాయనకో అన్నయ్యకో ఫోన్ చేసి చెప్పు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 కూడా ఇవ్వు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ సంగతి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టు, ఒక్కదానివే మోయకు.

డబ్బు సంగతి వేరుగా చూసుకో. చేబదులిచ్చిన పదిహేను వేలు కావాలనుకుంటే ఇప్పుడే, స్నేహం మామూలుగా ఉన్నప్పుడే "మార్చి నెలాఖరుకి సర్దగలవా?" అని అడుగు. లేదంటే పోయాయనుకో, మళ్లీ ఎత్తకు. తగ్గించడం మొదలుపెట్టాక అడిగితే, డబ్బు కోసమే దూరమయ్యావని కథ తయారవుతుంది, అందులో నువ్వే విలన్.

నాకు రెండు లాభాలు, ఒక నష్టం. నిద్ర పట్టింది, మీ పెదనాన్నతో భోజనం స్థిమితంగా సాగింది. కానీ మూడు నెలలపాటు తొమ్మిదయ్యేసరికి చెయ్యి ఫోను వైపు వెళ్లేది. ఆవిడ గొంతు మీద బెంగ కూడా పెట్టుకున్నాను. అలా బెంగగా ఉందంటే నిర్ణయం తప్పని కాదు, ఇరవై రెండేళ్ల అలవాటు మరి. ఆ గంటకి ఏదో ఒక పని పెట్టుకోమని మాత్రం చెబుతాను. నేను కుట్టుపని మొదలుపెట్టాను, మీ అమ్మాయి పావడాలన్నీ ఆ తొమ్మిది గంటల పుణ్యమే.

మంచికీ చెడుకీ మాత్రం వెళ్లు. శుభలేఖ వస్తే వెళ్లి అక్షింతలు వెయ్యి. ఆ ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే అందరికంటే ముందు పరామర్శకి వెళ్లు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్లిలో ఆవిడ కనబడింది. నన్ను చూసి పక్కన కుర్చీలో ఉన్న చేతిసంచి తీసింది. కూర్చున్నాను. బంతిలో పెరుగన్నం వచ్చేదాకా కోడలి సంగతులే చెప్పింది. విన్నాను, నాకేం కష్టమనిపించలేదు. తాంబూలం తీసుకుని ఆరింటి బస్సుకి వచ్చేశాను.

అన్నట్టు, చీటీకి జామీను సంతకం అడుగుతోందన్నావు కదా, ఆ ఒక్కటి నెమ్మదిగా చేసే పని కాదు. తను పాట పాడి డబ్బు తీసుకుని వాయిదాలు కట్టకపోతే, కంపెనీవాళ్లు నేరుగా నిన్నే అడగచ్చు. చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. స్నేహం ఆగినా సంతకం ఆగదు, చీటీ తీరేదాకా నీ మెడకే ఉంటుంది. "జామీను సంతకాలు మా ఇంట్లో పెట్టుకోవడం లేదు" అని శుక్రవారం లోపు చెప్పెయ్. ముందు మీ ఆయనతో మాట్లాడి, ఆ మాట నిజం చేసుకుని మరీ చెప్పు.

గోంగూర పచ్చడి సీసా మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. మూత గట్టిగా ఉంటుంది, వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి తిప్పు.

పెద్దమ్మ
తెనాలి