30 మీటర్ల వాచీతో స్నానం చేయొచ్చా?

"మొదటిసారి మంచి వాచీ కొంటున్నాను. లిస్టింగ్‌లో 30 మీటర్ల వాటర్ రెసిస్టెంట్, 20 మి.మీ. స్ట్రాప్ అని ఉంది. అంటే స్నానం చేసేటప్పుడు కూడా పెట్టుకోవచ్చా? స్ట్రాప్ నా చేతికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? డిజిటల్ కొనాలా, ముళ్ల వాచీ కొనాలా?"

స్నానానికి వద్దండి. చేతులు కడుక్కున్నప్పుడు నీళ్లు చిందినా, చిన్న వానలో తడిసినా 30 మీటర్ల వాచీకి ఏమీ కాదు. అంతకు మించి దాన్నుంచి ఆశించకండి.

మా బాబాయికి వాచీల రిపేరు షాపుంది. సాయంత్రాలు నేనూ కౌంటర్లో కూర్చుంటాను. పోయిన చలికాలం ఒక డిగ్రీ కుర్రాడు కొత్త వాచీ పట్టుకొచ్చాడు. అద్దం లోపలంతా ఆవిరి, అంకెలు కూడా కనబడటం లేదు. "రోజూ గీజర్ నీళ్లతో స్నానం చేశానండీ, 30 మీటర్లని రాసుంది కదా" అన్నాడు. బాబాయి వెనక మూత తీసి చూపించాడు. మూత కింద వెంట్రుకలాంటి నల్ల రబ్బరు రింగు బాగానే ఉంది. కానీ పక్కనున్న కీ లోపలికి వెళ్లే సన్నటి కడ్డీ మొదట్లో ఎర్రగా తుప్పు మొదలైంది. నీళ్లు దూరింది అక్కణ్నుంచే.

కారణం లోతు కాదు, వేడి. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, రబ్బరు మెత్తబడుతుంది. బాత్రూం నుంచి చల్లగాలిలోకి రాగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. సందు దొరికితే చాలు, బయటి తేమను పీల్చేసుకుంటుంది. సబ్బు నీళ్లయితే ఇంకా సన్నటి సందుల్లోకి కూడా పాకుతాయి.

మరి ఆ 30 ఎక్కడిది? కొత్త వాచీ మీద, కదలని స్థితిలో, మామూలు వేడిలో, కాసేపు పెట్టి చూసిన ఒత్తిడి అది. ప్రతి 10 మీటర్ల నీటికి దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కొన్ని లిస్టింగుల్లో 3 ATM అని గాని, 3 BAR అని గాని ఉంటుంది. మూడూ ఒకటే. మీరు 30 మీటర్ల లోతుకు మునగవచ్చన్న హామీ మాత్రం కాదు. 50 మీటర్లుంటే కాసేపు ఈత కొట్టొచ్చు. రోజూ ఈతకు వెళ్లేవాళ్లు 100 చూసుకోవాలి. కీ తిప్పి బిగించే రకమైతే ఇంకా మేలు. నీళ్లలో ఉండగా కీ లాగకూడదు, బటన్లు నొక్కకూడదు, అది ఎంత ఖరీదైనదైనా సరే.

పైగా ఆ రబ్బరు రింగు కుక్కర్ గాస్కెట్ లాంటిదే, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. బ్యాటరీ మార్చినప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోయినా, దుమ్ము పడినా, 100 మీటర్ల వాచీ కూడా వానకే తడుస్తుంది. ఈ ముక్క ఏ లిస్టింగూ రాయదు. కానీ పక్కనే నీళ్లలో మునిగిన వాచీ బొమ్మ మాత్రం పెద్దగా పెడతారు. ఆ కుర్రాడు అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "నీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదు" అన్నారట. బొమ్మలో నీళ్లు, వారంటీలో ఎండ! నన్నడిగితే లిస్టింగ్‌లో మీటర్ల బదులు ఇలా రాయాలి: "చేతులు కడుక్కోవచ్చు. స్నానం, ఈత వద్దు. వేడి నీళ్లు అసలే వద్దు." మూడు ముక్కల్లో అయిపోయేదానికి సముద్రం బొమ్మ దేనికి?

స్ట్రాప్ విషయానికొస్తే, 20 మి.మీ. అనేది పొడవు కాదు, వెడల్పు. స్ట్రాప్ తగిలించే రెండు కొమ్ముల మధ్య దూరం అది. రేపు స్ట్రాప్ మార్చాల్సొస్తే ఈ అంకె ముఖ్యం. స్కేలు పెట్టి కొమ్ముల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. 22 కొంటే దూరదు, 18 కొంటే పక్కన పిన్ను కనిపిస్తూ అటూ ఇటూ జారుతుంది. మీ చేతికి సరిపోతుందా అన్నది వేరే సంగతి. మణికట్టు చుట్టూ దారం చుట్టి కొలిచి, స్ట్రాప్ ఎంత చుట్టుకొలత వరకు పడుతుందో లిస్టింగ్‌లో చూడండి. "ఫ్రీ సైజ్" అని రాసి ఊరుకున్నవాళ్ల దగ్గర నేనైతే కొనను. తోలు స్ట్రాప్ మన చెమటకు త్వరగా వాసనొస్తుంది. వేసవిలో సిలికాన్ గాని, స్టీలు గాని నయం.

డిస్‌ప్లే మీ ఇష్టం, ఒక్కటి తప్ప. నల్ల తెర మీద తెల్ల అంకెలున్న ఎల్‌సీడీ వాచీ ఫొటోలో భలే ఉంటుంది. కానీ మసక వెలుతురులో లైటు నొక్కితే తప్ప టైం కనబడదు. బూడిద రంగు తెర మీద నల్ల అంకెలున్నది ఎండలోనూ, గదిలోనూ తేలిగ్గా చదవొచ్చు. ఫోన్ తెరలాంటి అమోలెడ్ కావాలంటే ఛార్జింగ్ పెట్టే ఓపిక ఉండాలి. మా షాపులో నల్ల తెర వాచీ కొని, రెండో రోజే మార్చమని వచ్చేవాళ్లు ఎక్కువగా నలభై దాటినవాళ్లే. నాన్నగారి కోసమైతే ముళ్ల వాచీ, తెల్ల డయల్, పెద్ద అంకెలు చూసి తీసుకోండి.