టమాటా పొడి యూనిట్: ఎండిన కిలో దగ్గర లెక్క మొదలుపెట్టాలి

ప్రశ్న: సార్, మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి బీఎస్సీ పూర్తి చేశాడు. ధర పడిపోయినప్పుడు మార్కెట్లో పారబోసే టమాటా కొని, ఎండబెట్టి, పొడి చేసి అమ్ముతానంటున్నాడు. డ్రయ్యర్ కోసం బ్యాంకు లోను అడగమంటున్నాడు. ఒప్పుకోవచ్చా? లేక ముందు ఉద్యోగం చూసుకోమని చెప్పాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కిలో ఐదారు రూపాయలకు దొరికే కాయ పొడిగా మారితే వందల రూపాయలు పలుకుతుందన్న మాట నిజమే. అయితే టమాటాలో దాదాపు తొంభై అయిదు శాతం నీరే ఉంటుంది కాబట్టి, ఆ రెండు ధరల మధ్య కనిపించే తేడాలో ఎక్కువ భాగం ఆ నీటిని తీసేయడానికే ఖర్చయిపోతుంది. మీ అబ్బాయి లోను గురించి మాట్లాడే ముందు ఈ లెక్కను స్వయంగా కాగితం మీద వేయగలగాలి. అందుకని ఒక వంద కిలోల కాయతో ఇక్కడే వేసి చూపిస్తాను. ధరలు నేను అనుకుంటున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

కిలో ఆరు రూపాయల చొప్పున వంద కిలోలు కొన్నారనుకుందాం. చవకగా దొరికే కాయ సాధారణంగా బాగా మగ్గినది, కొంత నలిగినది అయి ఉంటుంది కాబట్టి, ఏరి, కడిగి, తొడిమలు తీసేసరికి పన్నెండు కిలోల దాకా పోతుంది. మిగిలిన 88 కిలోలలో నీరు కాని పదార్థం అయిదు శాతం లెక్కన నాలుగున్నర కిలోలకు కాస్త తక్కువ. పొడిలో ఉండిపోయే కొద్దిపాటి తేమను కలిపి, మరపట్టి జల్లించడంలో పోయేదాన్ని తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు నాలుగున్నర కిలోల పొడి. అంటే కిలో పొడిలో కాయ ఖరీదే 133 రూపాయలు.

ఇక ఆవిరి చేయవలసిన నీరు 83 కిలోలు. కరెంటు ట్రే డ్రయ్యర్‌లో కిలో నీటికి సుమారు 1.3 యూనిట్లు ఖర్చవుతుందనుకుంటే 108 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు ఏడు రూపాయల చొప్పున కిలో పొడి మీద 168 రూపాయలు పడుతుంది. కడగడానికి, కోయడానికి, ట్రేలలో పరచడానికి ఒక మనిషి కూలి 500 రూపాయలు వేస్తే కిలోకు 111, కవరుకు మరో ముప్ఫై. మొత్తం 442 రూపాయలు. ఇందులో లోను వడ్డీ, రవాణా, ల్యాబ్ పరీక్షల ఖర్చు ఇంకా చేరలేదు.

ఈ పొడిని మసాలా తయారీదార్లకు టోకున కిలో 400 రూపాయలకు ఇస్తే నష్టమే. వంద గ్రాముల ప్యాకెట్‌ను తొంభై రూపాయలకు అమ్మి, అందులో ముప్ఫై శాతం దుకాణానికి పోతే, కిలోకు 630 రూపాయలు చేతికొస్తాయి. అప్పుడు మిగులు ఉంటుంది. కానీ అదే లెక్కలో కాయ ధర పది రూపాయలకు చేరితే మిగిలేది వంద రూపాయల లోపే, పద్నాలుగు దాటితే ఏమీ మిగలదు. మార్కెట్‌లో కాయ పది రూపాయల లోపు ఉండే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. 2023 జూలైలో కిలో వంద దాటిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అలాంటి నెలల్లో టమాటా కోసమే పెట్టిన డ్రయ్యర్ ఖాళీగా ఉంటుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

అందువల్ల నేను మీ అబ్బాయికి చెప్పేది టమాటాతో మొదలుపెట్టవద్దని. అదే డ్రయ్యర్‌లో మునగాకు ఎండబెడితే ఏమవుతుందో చూడండి. రెమ్మల నుంచి దూసిన ఆకులో నీరు డెబ్బై అయిదు నుంచి ఎనభై శాతమే కాబట్టి, వంద కిలోల ఆకుకు ఇరవై కిలోలకు పైగా పొడి వస్తుంది. ఆవిరి చేయవలసిన నీరు దాదాపు టమాటాకు అయినంతే, కరెంటు బిల్లూ అంతే. కానీ ఆ బిల్లు నాలుగున్నర కిలోల మీద కాక ఇరవై కిలోల మీద పడుతుంది. కరివేపాకు, అకాల గాలులకు రాలిన పచ్చి మామిడి కూడా ఈ దారిలోనివే. ఆకులకు వేడి యాభై డిగ్రీలు దాటనీయకూడదు, దాటితే పచ్చదనం పోయి ఎవరూ కొనరు. ఇలా ఏడాది పొడవునా డ్రయ్యర్‌కు పని ఉన్నప్పుడే, టమాటా చవకైన కొన్ని వారాల్లో దాన్ని పట్టుకోవడం లాభసాటి అవుతుంది.

టమాటా పొడిలో మరో చిక్కు ఉంది. మన ఇళ్లలో ఎండకు పెట్టే ఒరుగులు కాస్త మెత్తగా ఉన్నా పులుసులో వేసుకుంటాం. ప్యాకెట్‌లో అమ్మే పొడికి ఆ వెసులుబాటు లేదు. నా సలహా కోసం వచ్చిన ఒక యువకుడు త్వరగా ఎండాలని మొదటి గంట నుంచే వేడిని ఎనభై డిగ్రీలకు పెంచాడు. ముక్క పైభాగం గట్టిపడి, లోపలి తడి బయటికి రాలేక అక్కడే నిలిచిపోయింది. పైకి చూస్తే బాగా ఎండినట్టే ఉంది, పొడి కొట్టి అమ్మాడు, రెండు వారాల్లో ప్యాకెట్లు బూజుతో తిరిగొచ్చాయి. ముక్కలను అర సెంటీమీటరుకు కాస్త మించిన మందంతో సమంగా కోసి, 55 నుంచి 60 డిగ్రీల మధ్య పది పద్నాలుగు గంటలు ఆరబెట్టాలి. చల్లారాక ముక్కను వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. వేడిగా ఉన్నప్పుడు చేసే పరీక్ష నమ్మదగినది కాదు. విరిగిన ముక్కలను కూడా గాజు సీసాలో మూతపెట్టి వారం రోజులు ఉంచి, సీసా లోపలి గోడకు చెమ్మ పట్టిందేమో చూసిన తర్వాతే మరపట్టాలి.

బాగా ఎండిన పొడి సైతం గాలి తగిలితే గడ్డకడుతుంది. టమాటాలోని చక్కెరలు గాలిలోని తేమను లాక్కోవడమే కారణం. వానపడే రోజున మరపట్టకూడదు, పల్చటి పాలిథిన్ కవర్లు పనికిరావు, అల్యూమినియం పొర ఉన్న కవర్లు కావాలి. ఎర్రని రంగు వెలుతురుకు వెలిసిపోకుండా కాపాడేది కూడా ఆ పొరే. రంగు పోకుండా సల్ఫైట్ అనే రసాయనం వాడితే, పొడిలో కిలోకు పది మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నప్పుడు లేబుల్ మీద చెప్పడం చట్టం ప్రకారం తప్పనిసరి.

ఉద్యోగమా యూనిట్టా అన్న మీ ప్రశ్నకు వస్తే, ముందు ఆరు నెలలో ఏడాదో కూరగాయలు ఎండబెట్టే ఏదైనా ఫ్యాక్టరీలో పని చేయమనండి, జీతం తక్కువైనా సరే. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరులోని నిఫ్టెమ్ అనే కేంద్ర ప్రభుత్వ ఆహార సాంకేతిక సంస్థలు ఈ రంగంలో స్వల్పకాలిక శిక్షణలు ఇస్తాయి. ఆ తర్వాత సొంత డ్రయ్యర్ కొనకుండా, మరొకరి యూనిట్‌లో కూలికి ఎండబెట్టించి, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకుని, యాభై కిలోల పొడి అమ్మి చూడాలి. ఒకసారి కొన్నవారిలో ఎంతమంది మళ్లీ అడిగారో లెక్క పెట్టమనండి.

అప్పుడు లోను. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. కనీసం పది శాతం మన చేతి నుంచి పెట్టాలి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా అధికారులను అడిగి తెలుసుకోండి. అయితే ఆ సబ్సిడీ చేతికి వచ్చే డబ్బు కాదు. మూడేళ్లు వాయిదాలు సక్రమంగా కడితే బ్యాంకు దాన్ని లోనులో సర్దుతుంది. కాబట్టి మొదటి మూడేళ్ల వాయిదాలు సబ్సిడీ లేనట్టే లెక్కవేసి, అవి మునగాకు, కరివేపాకు అమ్మకాల మీదే తీరతాయని తేలినప్పుడు సంతకం పెట్టండి.