ఒక్క మెసేజ్‌లో కనిపించని గ్యాస్‌లైటింగ్

ప్రశ్న: నా భర్త మెసేజ్‌లు విడివిడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి. అయినా ప్రతిసారీ తప్పు నాదే అనిపిస్తుంది. ఇది గ్యాస్‌లైటింగేనా?

గ్యాస్‌లైటింగ్ అంటే మీ జ్ఞాపకాన్నీ ఆలోచననూ మీరే అనుమానించుకునేలా ఎదుటివారు మభ్యపెట్టడం. అది తెలియాలంటే మూడు నాలుగు నెలల చాట్‌ను వరుసగా చదవండి. ప్రతి గొడవా ఏ విషయంతో మొదలైందో, చివరికి ఎవరు దేనికి క్షమాపణ చెప్పారో చూడండి.

ఉదాహరణకు, ‘శనివారం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తానన్నారు కదా’ అని మీరు అడిగారు. ‘నేనలా అనలేదు’ అని జవాబు. కాసేపటికి ‘నీకీమధ్య ఏదీ గుర్తుండడం లేదు’. రాత్రికి ‘నీ అనుమానాలతో నాకు మనశ్శాంతి లేదు’. చివరికి ‘సారీ’ చెప్పింది మీరు, ఆసుపత్రి ఊసే లేదు. కాదనడం, ఎదురుదాడి, తానే బాధితుడు కావడం: ఈ వరుసను మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ 1997లో వివరించారు.

ఒకసారైతే అది మతిమరుపో కోపమో కావచ్చు. తేడా బయటపడేది పాత మెసేజ్ చూపించినప్పుడే. నిజంగా మరిచినవారు ‘అవును, అన్నాను’ అని ఒప్పుకుంటారు. మభ్యపెట్టేవారు ‘ఇవన్నీ దాచిపెడుతున్నావా?’ అని మళ్లీ మీ మీదికే తిప్పుతారు. సంబంధం లేని విషయాల్లోనూ ఇదే మలుపు వస్తుంటే అది గ్యాస్‌లైటింగేనని నా అభిప్రాయం.

ఆయనంటే భయం ఉంటే మాత్రం ఏదీ చూపించి నిలదీయకండి. ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌తో మాట్లాడండి.